ఎకరం నలభై సెంట్ల కేసు: కేవియట్ ఎక్కడ కాపాడింది, ఎక్కడ తప్పిపోయేది

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. కృష్ణా డెల్టాలో ఎకరం నలభై సెంట్ల మాగాణి. భర్త పోయి ఆరేళ్ళయింది. పొలం కౌలుకిచ్చారు, ఆ కౌలుతోనే ఇల్లు గడుస్తోంది. మరిది వారం కిందట గట్టు మీద నిలబడి కౌలుదారుతో, "వచ్చే సార్వాకి నువ్వు దిగవు, కోర్టు ఆర్డరు తెస్తున్నాం" అన్నాడట. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే. "నన్ను పిలవకుండా, నా మాట వినకుండా కోర్టు ఆర్డరు ఇస్తుందా బాబూ?"

ఇస్తుందమ్మా, ఇవ్వగలదు అని చెప్పాల్సి వచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 39వ ఆర్డరు 3వ రూలు ప్రకారం ఎదుటివాళ్ళకు నోటీసు ఇచ్చాకే ఇంజంక్షన్, అంటే ఫలానా పని చేయొద్దనే ఆర్డరు, ఇవ్వాలి. కానీ నోటీసు ఇచ్చేలోపు జరగరానిది జరిగిపోతుందని జడ్జికి అనిపిస్తే, కారణాలు రాసి, నోటీసు లేకుండానే తాత్కాలిక ఆర్డరు ఇవ్వవచ్చు. దీన్నే ఎక్స్ పార్టీ ఆర్డరు అంటాం. నిజంగా అవసరమైన వాళ్ళకు ఇది పెద్ద అండ. రేపు పొద్దున్నే గోడ కూల్చేస్తారని తెలిసినవాడు పదిహేను రోజులు నోటీసు కోసం ఆగలేడు కదా. చిక్కు ఎక్కడంటే, ఆ రోజు జడ్జి ముందు ఉండేది ఒక పక్షం వాళ్ళ కాగితాలు, వాళ్ళ అఫిడవిట్ మాత్రమే. పొలంలో లేనివాడు "నేనే సాగు చేస్తున్నాను, వీళ్ళు అడ్డొస్తున్నారు" అని ప్రమాణం చేస్తే, ఆ పూటకు కాదనేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇలాంటి ఆర్డరు వస్తే ఏమవుతుందో నేను అంతకు ముందు ఒక కేసులో దగ్గర నుంచి చూశాను. ఆ క్లయింటు నా దగ్గరకు వచ్చేసరికే ఆర్డరు వచ్చేసింది. రద్దు చేయమని 4వ రూలు కింద పిటిషన్ వేశాం. ఎక్స్ పార్టీ ఆర్డరు ఇచ్చిన పిటిషన్‌ను 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని 3ఏ రూలు చెబుతుంది. మాకు నాలుగు నెలలు పైనే పట్టింది. చివరికి ఆర్డరు పోయింది, కానీ ఆ పంట కాలం కూడా పోయింది. అప్పటి నుంచి, గొడవ ముదురుతోందని క్లయింటు చెప్పిన రోజే కేవియట్ సంగతి మాట్లాడతాను.

కేవియట్ 148ఏ సెక్షన్. 1976 సవరణతో కోడ్‌లోకి వచ్చింది. ఫలానా వాళ్ళు ఫలానా ఆస్తి గురించి పిటిషన్ వేయబోతున్నారని నాకు అనుమానం ఉంది, అది వేస్తే విచారణలో హాజరయ్యే హక్కు నాకు ఉంది, నాకు చెప్పకుండా ఆర్డరు ఇవ్వొద్దు అని ముందే కోర్టులో పెట్టే అర్జీ అది. అది పెట్టాక పిటిషన్ వస్తే కేవియట్ వేసినవాళ్ళకు కోర్టు నోటీసు ఇవ్వాలి. పిటిషన్ వేసినవాళ్ళు తమ పిటిషన్ కాపీ, దానికి జతచేసిన పత్రాల కాపీలు ఇవ్వాలి, ఆ కాపీల ఖర్చు మాత్రం కేవియట్ వేసినవాళ్ళదే. కోర్టు ఫీజు నామమాత్రం.

ఇంత తేలికగా ఉంటుంది కాబట్టే చాలామంది దీన్ని అజాగ్రత్తగా వేస్తారు. ఈ కేసులో మేం ఆలోచించాల్సి వచ్చింది రెండు ప్రశ్నల మీద. ఎవరి మీద వేయాలి? ఏ కోర్టులో వేయాలి?

మొదటి ప్రశ్న చిన్నదనిపిస్తుంది. ఆవిడ చెప్పింది మరిది పేరు, మేం కూడా మొదట ఆయన పేరే రాశాం. తరవాత నేనే ఆగి అడిగాను, "ఆయనకు పిల్లలున్నారా అమ్మా?" ఇద్దరు కొడుకులు. ఆస్తి పిత్రార్జితం అంటున్నారు కాబట్టి దావా ఆయనే వేయాలని లేదు, కొడుకులు వేసుకోవచ్చు. కోర్టు ఆఫీసులో కొత్త పిటిషన్ రాగానే కేవియట్ రిజిస్టరులోనో కంప్యూటర్‌లోనో వెతికేది పేరుతోనే. మనం తండ్రి పేరు ఒక్కటే రాస్తే, కొడుకు పేరుతో వచ్చిన పిటిషన్ మీద "కేవియట్ లేదు" అని రాసి పంపించేస్తారు. అందుకని ముగ్గురి పేర్లూ రాశాం. రెండో కొడుకును ఊళ్ళో ఒక పేరుతో పిలుస్తారు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంది. రెండూ, మధ్యలో అలియాస్ పెట్టి, తండ్రి పేరుతో సహా రాశాం. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే కంప్యూటర్ చూపించదు. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు మనకు ఒక మనిషే కావచ్చు, వెతికే క్లర్కుకు ఇద్దరు. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఎక్కించే చోట ఈ బాధ ఇంకా ఎక్కువ.

మన వైపు కూడా ఒక్కరు చాలరనిపించింది. అవతలివాళ్ళు పెద్దావిడను వదిలేసి కౌలుదారు మీదే ఇంజంక్షన్ అడగొచ్చు. ఆయన్ని పొలంలోకి రానివ్వకపోతే ఆవిడ స్వాధీనం పోయినట్టే. అందుకని ఆవిడ, కొడుకు, కౌలుదారు ముగ్గురి తరఫునా కేవియట్ వేశాం.

రెండో ప్రశ్న కోర్టు. దావా ఏ కోర్టుకు వెళ్తుందన్నది వాళ్ళు అడిగే రిలీఫ్‌ను బట్టి, దానికి చూపించే విలువను బట్టి ఉంటుంది. ఒట్టి ఇంజంక్షన్ అడిగితే జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్ళే దావా, హక్కు ప్రకటన కూడా కలిపితే విలువ పెరిగి సీనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్ళవచ్చు. ఒక కోర్టులో వేసిన కేవియట్ పక్క కోర్టుకు తెలియదు. రెండు కోర్టులూ ఒకే ఆవరణలో ఉన్నా అంతే. ఫిబ్రవరి 6న రెండింటిలోనూ వేశాం. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు షెడ్యూలులో పూర్తిగా రాశాం. ఆవిడ కేసు గురించి మాత్రం నాలుగు వాక్యాలకు మించి రాయలేదు. కొంతమంది కేవియట్‌లోనే తమ వాదనంతా, పత్రాల జాబితాతో సహా రాసేస్తారు. దాని కాపీ వెళ్ళేది ఎదుటివాళ్ళకే. మన దగ్గర ఏముందో, దేనికి జవాబు తయారు చేసుకోవాలో మనమే వాళ్ళకు చెప్పినట్టవుతుంది.

కేవియట్ నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపాలి. ముగ్గురికీ విడివిడిగా పంపాం. ఇద్దరివి సంతకాలతో వచ్చాయి. మరిదిది "తీసుకోవడానికి నిరాకరించారు" అని వెనక్కి వచ్చింది. పెద్దావిడకు టెన్షన్ పట్టుకుంది. సరైన చిరునామాకు పంపి, ఆయనే వద్దన్నట్టు పోస్ట్‌మాన్ రాసి ఉంటే దాన్ని అందినట్టే చూస్తారని చెప్పాను. ఆ కవరు విప్పకుండా ఫైలులో పెట్టాం. పోస్టు రసీదులు, తిరిగొచ్చిన కార్డులు జాగ్రత్తగా దాచుకోవాలి. నోటీసు రాలేదని ఎవరైనా అంటే మన దగ్గర ఉండే జవాబు అదొక్కటే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కేవియట్ నోటీసు అందిన రోజే ఎదుటివాళ్ళకు మన భయం తెలిసిపోతుంది. అప్పటిదాకా మాటలతోనే ఉన్నవాళ్ళు లాయరు దగ్గరకు వెళ్ళే అవకాశం ఉంది. గొడవ ఊరి పెద్దల దగ్గర సర్దుకునేలా ఉంటే నేను కొన్నిసార్లు వారం ఆగమంటాను. ఈ కేసులో ఆగమనలేదు. ఎందుకంటే ఆర్డరు తెస్తామని వాళ్ళే నోటితో అన్నారు.

ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ గడిచాయి, దావా రాలేదు. పెద్దావిడ కొడుకు ఫోన్ చేసి, "భయపడి ఊరుకున్నట్టున్నారు సార్" అన్నాడు. నాకు అలా అనిపించలేదు. కేవియట్‌కు 90 రోజులే ఆయుష్షు. ఆ లెక్క కోర్టులో వేసిన రోజు నుంచి, నోటీసు అందిన రోజు నుంచి కాదు. ఈ లోపల పిటిషన్ పడితే ఆ పిటిషన్‌కు కేవియట్ వర్తిస్తుంది. పడకపోతే 90 రోజుల తరవాత అది ఒట్టి కాగితం. ఫిబ్రవరి 6న వేసింది మే 7తో అయిపోతుంది. అప్పటికి వేసవి సెలవులు ఉంటాయి. సెలవుల్లో మామూలు కోర్టులు ఉండవు, అత్యవసరమైనవి వెకేషన్ కోర్టు చూస్తుంది. జూన్‌లో కోర్టులు తెరిచేసరికి డెల్టాలో నారుమళ్ళ పని మొదలవుతుంది. ఆర్డరు తెచ్చుకుని పొలంలో దిగాలనుకునేవాడికి అంతకంటే మంచి సమయం లేదు. కేవియట్ నోటీసు మీద తేదీ ఉంటుంది, వాళ్ళకూ లెక్క తెలుసు.

సెలవులకు ముందు, ఏప్రిల్ 28న, పాతది బతికి ఉండగానే కొత్త కేవియట్ రెండు కోర్టుల్లోనూ వేశాం, నోటీసులు మళ్ళీ పంపాం. ఒకసారి వేశాక మళ్ళీ వేయకూడదని ఎక్కడా లేదు. ఇది జూలై 27 దాకా ఉంటుంది. వెకేషన్ కోర్టులో కూడా ఒకటి వేశాం. అక్కడికి నేరుగా వెళ్తే మా రెండు కేవియట్లూ ఆ ఆఫీసుకు కనపడవు కదా.

రెండోసారి వేసేటప్పుడు చేసిన ఒక మార్పే చివరికి కేసును కాపాడింది. సంతకాలకు వచ్చిన పెద్దావిడ మాటల మధ్యలో, "మా మరిది రెండో కోడలి పేరున ఏవో కాగితాలు రాయించుకుంటున్నారంట బాబూ" అంది. తాపీగా, వేరే విషయం చెప్పినట్టు చెప్పింది. నేను పెన్ను ఆపి, ఆ అమ్మాయి పూర్తి పేరు, ఇంటిపేరు, భర్త పేరు రాయించుకున్నాను. కోడళ్ళిద్దరినీ కొత్త కేవియట్‌లో చేర్చాను. "వీరి ద్వారా హక్కు చెప్పుకునే వారు" అన్న మాట కూడా చేర్చాను కానీ, దాన్ని నేను నమ్ముకోను. కంప్యూటర్‌లో ఆ మాటతో ఎవరూ వెతకరు. వెతికేది పేరుతోనే.

జూన్ 13న దావా పడింది. సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో, హక్కు ప్రకటన, శాశ్వత ఇంజంక్షన్ కోరుతూ. వాది ఒక్కరే, రెండో కోడలు. మామగారు తనకు ఆ పొలం రాసిచ్చారని, తాను స్వాధీనంలో ఉన్నానని ఆమె కేసు. మొదటి కేవియట్ ఒక్కటే ఉండి ఉంటే, అది మే 7న పోయేది. పోకపోయినా ఆమె పేరు అందులో లేదు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో మాత్రమే వేసి ఉన్నా దొరికేది కాదు. ఫైలింగ్ సెక్షన్‌లో క్లర్కు పేరు కొట్టగానే మా కేవియట్ నంబరు వచ్చింది. దావాతో పాటు తాత్కాలిక ఇంజంక్షన్ కోసం వేసిన పిటిషన్‌ను ఐ.ఏ. అంటాం, దాని మీద ఆ నంబరు రాశారు. మధ్యాహ్నం పిటిషన్ పిలిచినప్పుడు వాళ్ళ లాయరు అత్యవసరమని గట్టిగానే అడిగారు. జడ్జిగారు కేవియట్ చూసి, మాకు కాపీలు ఇవ్వమని వాళ్ళకు చెప్పి, 16న రమ్మన్నారు.

అంటే మాకు దొరికింది మూడు రోజులు. కేవియట్ వేశాం కాబట్టి నెల రోజులు టైమ్ వస్తుందని అనుకోకూడదు. ఒక్కోసారి మర్నాడే, ఒక్కోసారి ఆ సాయంత్రమే వాదించాలి. ఆ రోజు హాజరు కాకపోతే కేవియట్ ఉన్నా ఆర్డరు వచ్చేస్తుంది. మన మాట వినేలా చేయడం వరకే దాని పని, విన్నాక గెలిపించేది కాగితాలే. ఏప్రిల్‌లోనే మేం ఒక కట్ట తయారు చేసి పెట్టుకున్నాం. అన్నదమ్ముల మధ్య 2009లో రిజిస్టరైన పంపకాల దస్తావేజు, భర్త మరణ ధ్రువీకరణ, ఆవిడ పేరుకు మారిన 1-బి, అడంగల్ కాపీలు, ఈ-క్రాప్ నమోదు, కౌలుదారుకు వచ్చిన పంట సాగుదారు హక్కుల కార్డు. చివరిది చిన్న కార్డే కానీ, యజమాని ఒప్పుకుని సంతకం పెడితేనే వచ్చేది అది. ఆ పొలంలో సాగు చేస్తున్నది ఎవరు, ఎవరి కింద అన్నది ఒక్క కాగితంలో చూపిస్తుంది.

వాళ్ళు ఇచ్చిన కాపీల్లో దావా కాగితం అంటే ప్లెయింట్, అఫిడవిట్ ఉన్నాయి, పత్రాలు లేవు. 14న కాపీలు కావాలని రాతపూర్వకంగా అడిగాం, 15 సాయంత్రానికి ఇచ్చారు. అందులో ఒక స్టాంపు కాగితం మీద రాసిన పంపకాల జాబితా ఉంది, రిజిస్టరు కాలేదు, ఆవిడ భర్త సంతకం లేదు. మామగారు కోడలికి రాసిచ్చిన పత్రం ఆ ఏప్రిల్ నాటిది. ఊళ్ళో ఇద్దరి అఫిడవిట్లు ఉన్నాయి. ఎదురుచెప్పేవాళ్ళు లేనప్పుడు ఈ నాలుగూ ఒక కథగా బాగానే నిలబడేవి. 2009 దస్తావేజు గురించి ప్లెయింట్‌లో ఒక్క ముక్క లేదు.

16న వాదనలు అరగంట కూడా జరగలేదు. 2009 దస్తావేజులో మరిదికి వచ్చిన వాటా వేరే సర్వే నంబరులో ఉందని, ఈ ఎకరం నలభై సెంట్లు అన్నగారి వాటాలో ఉందని చూపించాం. ఆ దస్తావేజు మీద మరిది సంతకం ఉంది. తనది కానిది కోడలికి ఎలా రాసిస్తాడన్నది మా మొదటి మాట. స్వాధీనం ఎవరిదన్నది అడంగల్, కార్డు చూపించి చెప్పాం.

వాళ్ళ వాదన తేలిపోతుండగా వాళ్ళ లాయరు, "కనీసం స్టేటస్ కో అయినా ఇవ్వండి" అన్నారు. కేసు మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది ఈ మాటకే. యథాతథ స్థితి అనగానే ఇద్దరికీ సమానంగా, హాని లేనట్టుగా వినిపిస్తుంది. కానీ పొలంలో ఎవరున్నారన్నదే తగాదా అయినప్పుడు, ఎవరున్నారో రాయకుండా యథాతథ స్థితి అంటే, మర్నాడు ఇద్దరూ ఆ ఆర్డరు పట్టుకుని పొలంలో దిగుతారు. వాళ్ళు దాన్ని పోలీసు స్టేషన్‌లో చూపించి తమకే ఆర్డరు వచ్చిందంటారు. కౌలుదారు అప్పటికే నారుమడి దున్ని పెట్టుకున్నాడు. స్టేటస్ కో ఇచ్చేటట్టయితే, ఈ రోజు సాగులో ఉన్నది కౌలుదారు అని ఆర్డరులో రాయాలని, లేకపోతే ఏ ఆర్డరూ వద్దని కోరాను. జడ్జిగారు అడంగల్ మరోసారి చూసి, ప్రస్తుతానికి ఎలాంటి తాత్కాలిక ఆర్డరూ ఇవ్వడం లేదని, కౌంటరు వేయమని వాయిదా వేశారు. ఆ సార్వా నాటు సమయానికే పడింది.

క్లయింట్లు తరచూ అడిగే రెండు విషయాలు ఇక్కడే చెప్పేస్తాను. కేవియట్ వేస్తే రిజిస్ట్రేషన్ ఆగదు. సబ్ రిజిస్ట్రార్‌కు దానితో సంబంధం లేదు. మరిది ఏప్రిల్‌లో కోడలికి కాగితం రాయడాన్ని మా కేవియట్ ఆపలేదు, ఆపగలిగేదీ కాదు. అలాగే కేవియట్ ఉన్నా అవతలివాళ్ళు దావా వేసుకోవచ్చు, అది వాళ్ళ హక్కు. మనం ఆపగలిగేది మన మాట వినకుండా ఆర్డరు రావడం మాత్రమే.

ఇంకొకటి. కేవియట్ ఉండగా పొరపాటునో, పేరు దొరక్కో నోటీసు లేకుండా ఆర్డరు వచ్చేస్తే ఏమిటి? ఆ ఆర్డరు దానంతట అదే చెల్లకుండా పోతుందా అన్నదాని మీద హైకోర్టుల తీర్పులు ఒకేలా లేవు. అందుకని "చెల్లదు కదా" అని ఇంట్లో కూర్చోవడం ప్రమాదం. తెలిసిన రోజే కేవియట్ నంబరు, పోస్టు రసీదులు జతచేసి 4వ రూలు కింద రద్దు పిటిషన్ వేయాలి. ఆర్డరును ధిక్కరించి పొలంలో దిగడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. మన న్యాయం మొత్తం ఆ ఒక్క పనితో వెనక్కి పోతుంది. ఇక నోటీసు వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా, ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో `Caveat Search` లో మన కేవియట్ ఎక్కిందో లేదో, ఎదుటివాళ్ళ పేరు ఏ స్పెల్లింగ్‌తో ఎక్కిందో చూసుకోవాలి. ఈ కేసులో రెండోసారి వేసినప్పుడు పెద్ద కోడలి పేరు తప్పుగా ఎక్కితే మెమో వేసి సరిచేయించాం.

సెప్టెంబరులో ఐ.ఏ. మీద పూర్తి విచారణ అయింది, ఇంజంక్షన్ పిటిషన్ కొట్టేశారు. ఆ సాయంత్రం పెద్దావిడ కొడుకు స్వీట్లు తెచ్చాడు. నేను అతనితో ఇంకో వకాలత్ మీద సంతకం పెట్టించుకున్నాను. ఇంజంక్షన్ నిరాకరించిన ఆర్డరు మీద 43వ ఆర్డరు 1(ఆర్) కింద అప్పీలు ఉంటుంది, జిల్లా కోర్టుకు 30 రోజుల్లో వేసుకోవచ్చు. కింది కోర్టులో వేసిన కేవియట్ అప్పీలు కోర్టులో పనికిరాదు. ఇక్కడ ఓడినవాళ్ళు అక్కడ అప్పీలు వేసి, మనం లేనప్పుడు తాత్కాలిక ఆర్డరు తెచ్చుకుంటే మూడు నెలల కష్టం పోయినట్టే. మర్నాడు జిల్లా కోర్టులో కేవియట్ వేశాం. ఈసారి ఎదుటివాళ్ళ పేర్లు ఆలోచించే పని లేదు, దావాలో వాదిగా ఉన్న ఆమె పేరు, ఆమెకు రాసిచ్చిన మామగారి పేరు చాలు. ఇరవై ఆరో రోజున అప్పీలు పడింది. నోటీసు మాకు వచ్చింది, వాదనలు విన్నారు, అక్కడా తాత్కాలిక ఆర్డరు ఇవ్వలేదు.

హక్కు ఎవరిదన్న అసలు దావా ఇంకా నడుస్తోంది. సాక్షుల విచారణ మొదలైంది. ఈ మధ్యలో పెద్దావిడ పొలం కౌలుదారు చేతిలోనే ఉంది, కౌలు ఆవిడకే అందుతోంది.